ఏటిబండ: ఒక కాలేజీ బ్యాండుకు పేరు పెట్టిన కథ
(సంఘం వార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాట పాడమని పిలుస్తారనుకున్నాను. మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలని అడిగితే, "మీ బ్యాండుకు ఆ పేరెట్లా వచ్చిందో చెప్పు, పిల్లలు అదే అడుగుతున్నారు" అన్నారు. ఈ మధ్య మన పిల్లలు నలుగురైదుగురు కలిసి బ్యాండ్లు పెడుతున్నారు, మంచిదే. పాటలు తయారవుతున్నాయి గానీ పేరు దగ్గర ఆగిపోతున్నారట. మేమూ అక్కడే ఆగాం. నాలుగు పేర్లు పెట్టి తీసేశాం. తీసేసిన పేర్ల గురించి చెబితేనే ఉన్న పేరు అర్థమవుతుంది కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

మేం ఐదుగురం. హైదరాబాదులో ఒకే కాలేజీ. నేనూ మా బావా ఉట్నూరు అవతలి వాళ్లం, గోండులం. నేను పాడతాను, బావ డప్పు కొడతాడు. భద్రాచలం వైపు నుంచి వచ్చిన కోయ చెల్లెలు ఒకామె పాడుతుంది, బేస్ గిటారు వాయిస్తుంది. అరకు నుంచి వచ్చిన మిత్రుడు పిల్లనగ్రోవి, కహోన్. కహోన్ అంటే చెక్కపెట్టె, దాని మీదే కూర్చుని ముందు పలకను చేత్తో కొడతారు. ఐదోవాడు హైదరాబాదు వాడు, పాతబస్తీ పక్కన పుట్టి పెరిగాడు, గిటారు వాడిదే. మా పాటలు ఎక్కువ నెమ్మదిగా ఉండేవి. ఆరు దెబ్బల లెక్కలో నడిచేవి. డప్పు ముందు, గిటారు వెనక. అరిచే పాట ఒక్కటీ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పేరు దగ్గర ఇదే అడ్డం వచ్చింది.

కాలేజీల మధ్య పోటీకి ఫారం నింపాలి. అందులో బ్యాండు పేరు అని ఒక గడి. గడువు మూడు రోజులు.

మొదటి రోజు రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని రాసుకున్న పేర్లు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. అన్నీ ఇంగ్లీషులోనే. ఉరుము, అగ్ని, పులి, రక్తం. గిటారు వాడు "ట్రైబల్ థండర్" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఫోనులో వాడే ఒక బొమ్మ కూడా గీశాడు, అక్షరాల చివర్లు బాణాల్లాగా మొనదేలి ఉన్నాయి. బాగానే ఉంది.

మర్నాడు సీనియర్ ఒకాయనకు చూపించాం. ఆయన మెటల్ సంగీతం వినే మనిషి. చూసీ చూడగానే, "మీలో డబుల్ పెడల్ ఎవరు వాయిస్తారు?" అన్నాడు. మాకు అసలు డ్రమ్ సెట్టే లేదు. అప్పుడు ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ పనికొస్తోంది. ప్రతి రకం సంగీతానికీ పేర్లలో ఒక అలవాటు ఉంటుంది. ఉరుము, చావు, ఇనుము లాంటి మాట, దానికి తోడు మొనదేలిన అక్షరం కనబడితే మెటల్ వినేవాళ్లు వస్తారు. కొన్ని మెటల్ బ్యాండ్ల పేర్లు ముళ్లకంపలాగా ఉంటాయి, చదవడానికే రావు. అది వాళ్లు కావాలని చేసేదే, లోపలివాడికి తెలిస్తే చాలునని. అలాంటి పోస్టరు చూసి వచ్చినవాడు మన పిల్లనగ్రోవి విన్నాడనుకోండి, మన పాట చెడ్డదని కాదు, తనను మోసం చేశారని లేచిపోతాడు. నెమ్మది పాట కోసం వచ్చేవాడు పోస్టరు చూసి అసలు లోపలికే రాడు. ఇద్దరూ పోయారు.

పేరులో రకం చెప్పేయాలనే నియమమూ లేదు. ఇండియన్ ఓషన్ ఉంది. ఆ పేరులో రాక్ లేదు, జానపదం లేదు, సముద్రమే ఉంది, అందులో వాళ్లు ఏది పాడినా ఇముడుతుంది. కేరళలో అవియల్ అని మలయాళం రాక్ బ్యాండు ఉంది. అవియల్ అంటే కూరగాయలన్నీ కలిపి కొబ్బరితో వండే కూర. కలగలుపు సంగీతమని ఆ ఒక్క మాటే చెబుతుంది. తైక్కుడం బ్రిడ్జ్ అనేది కొచ్చిలోని ఒక చోటు పేరు. మన హైదరాబాదులో చౌరస్తా ఉంది. వీళ్లెవరూ ఉరమలేదు. మేం ఉరుము కొట్టేశాం. 'ట్రైబల్' అనే మాట మాత్రం అప్పుడు కొట్టేయలేదు, దానికి ఇంకో దెబ్బ తగలాల్సి వచ్చింది.

రెండో రోజు బావ "గుస్సాడి" అన్నాడు. ఎవరూ కాదనలేదు. మాట బలంగా ఉంది. నోరు తిరగని వాళ్లు కూడా ఒకసారి వింటే పలుకుతారు. ఆదిలాబాదు అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ మాట దేశమంతా విన్నది. ఫారంలో రాసి పంపించేశాం.

సాయంత్రం పోటీ నిర్వాహకుల నుంచి ఫోను. చాలా మర్యాదగానే మాట్లాడారు. "నెమలి ఈకల టోపీలు ఎన్ని తెస్తున్నారు? ఎంతమంది డాన్సర్లు? పోస్టర్లో మీ కాస్ట్యూమ్ ఫొటో వేస్తాం" అన్నారు. మేం గిటారు వాయిస్తామండీ అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "అయితే ట్రైబల్ డాన్స్ విభాగంలోంచి తీసేయాలా?" అని అడిగారు. పేరు చూసి మా విభాగం మార్చేశారు. పాట వినకముందే మమ్మల్ని ఒక గడిలో పెట్టేశారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. గుస్సాడి అని రాసింది మేమే.

అదే రాత్రి ఊరికి ఫోను చేసి పెదనాయనకు చెప్పాను. ఆయన దండారిలో గుస్సాడి వేసినవాడు. పొగుడుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఏ దినాల్ల ఆడతరురా?"

పోటీ ఫిబ్రవరిలో. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక్కడున్న చాలామందికి తెలిసిందే, తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. గుస్సాడి అంటే టోపీ పెట్టుకుని ఆడే ఆట కాదు. దీపావళి ముందు దండారి మొదలైనప్పుడు దీక్ష తీసుకుంటారు. ఆ దినాలన్నీ స్నానం చేయరు. ఇంటికొచ్చిన గుస్సాడిని దేవుడిగానే చూస్తారు. కోలాబోడితో దీక్ష ముగుస్తుంది. ముగిశాక ఆ మనిషి మామూలు మనిషి. "మరి కనకరాజు గారు ఢిల్లీలో ఆడించారు కదా పెదనాయనా?" అన్నాను. "ఆయన గుస్సాడిని గుస్సాడిగానే తీస్కపోయిండు. నువ్వు పేరు తీస్కపోయి గిటారు మీద అతికిస్తున్నవ్. ఓడిపోతే గుస్సాడి ఓడిందంటరు. రేపు మీరు కొట్లాడుకుని ఇడిపోతే గుస్సాడి ఇడిపోయిందంటరు. గంత బరువు నీ పెట్టె మీద ఎందుకు పెడ్తవ్?" అన్నాడు.

కోపంగా అనలేదు, వద్దని కూడా అనలేదు. బావ మాత్రం ఒప్పుకోలేదు. "మనది మనం పెట్టుకోకపోతే రేపు ఇంకెవడో పెట్టుకుంటడు" అని గంటసేపు వాదించాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చివరికి కోయ చెల్లెలు అన్న మాట దగ్గర ఆగాడు. "బావా, మనం ఐదుగురం. అందులో గుస్సాడి ఇద్దరిదే. మా ముగ్గురం ఏమని చెప్పుకుంటాం?" అంది. ఫారం వెనక్కి తీసుకున్నాం. పేరు తర్వాత ఇస్తామంటే ఇంకో వారం గడువిచ్చారు.

ఆ వారంలో రెండు పేర్లు వచ్చాయి, రెండూ వాద్యాల పేర్లే. దేవుడి పేరు కాకుండా వాద్యం పేరైతే బరువుండదనుకున్నాం.

మొదటిది తుడుం. రెండక్షరాలు, చివర సున్న. పలికితేనే దెబ్బ వినబడుతుంది. పోస్టరు మీద ఎంత పెద్దగానైనా వేయొచ్చు. అయితే ఆదిలాబాదులో తుడుం అనగానే తుడుందెబ్బ గుర్తొస్తుంది. ఆదివాసీ హక్కుల కోసం పోరాడే సంఘం అది. ఆ పేరులో సగం తీసుకుని మేం ప్రేమపాటలు పాడితే, మా జిల్లా వాళ్లు ఇది సంఘం సాంస్కృతిక బృందమా అని అడుగుతారు. కాదని ప్రతిసారీ చెప్పుకోవాలి. ఇంకో చిక్కు గిటారు వాడు పట్టుకున్నాడు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో Tudum అని కొట్టి చూపించాడు. వరసగా నెట్‌ఫ్లిక్స్. వాళ్లు తమ అభిమానుల వేడుకకు పెట్టుకున్న పేరు అదే, సినిమా మొదలయ్యేముందు వచ్చే శబ్దాన్ని బట్టి పెట్టుకున్నది. అంత పెద్ద కంపెనీ వెనక మా ఐదుగురి పాట ఏ పేజీలో దొరుకుతుంది? అవియల్ అని వెతికినా ముందు వంటలే వస్తాయి గానీ, వాళ్లకు అప్పటికే పేరుంది, జనం బ్యాండు అని కలిపి వెతుకుతారు. కొత్తవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు.

రెండోది అరకు మిత్రుడు తెచ్చిన మాట. ధింసాలో డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములతో పాటు మోరి అని ఊదే వాద్యం ఉంటుంది. "మోరి పెడదాం, చిన్నగా ముద్దుగా ఉంది" అన్నాడు. మా నలుగురికీ నచ్చింది. గిటారు వాడు నేల మీద పడి నవ్వుతున్నాడు. ఎందుకురా అంటే చెప్పలేకపోతున్నాడు. హైదరాబాదులో, తెలంగాణలో చాలాచోట్ల మోరీ అంటే మురుగుకాలువ. "ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది మోరీ" అని యాంకర్ పిలిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అరకు మిత్రుడు రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడి ఊళ్లో పెళ్లికి ఊదే వాద్యాన్ని మేం కాలువ చేశాం. నవ్వినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ వినేవాడి చెవిలో ముందునుంచే ఒక మాట కూర్చుని ఉంటే దాన్ని లేపడం కష్టం. ఆ సంగతి బయటివాడికి ముందు వినిపిస్తేనే తెలుస్తుంది. మాకు గిటారు వాడున్నాడు కాబట్టి గదిలోనే తెలిసింది.

ఇక అసలు పేరు. అది వెతికితే వచ్చింది కాదు.

మా ఊరికి ముందు ఒక ఏరు ఉంది. వంతెన లేదు. ఏటి మధ్యలో నల్లటి బండ. ఎండాకాలం దాని మీద బట్టలు ఉతుకుతారు, పిల్లలు కూర్చుంటారు. వానాకాలంలో దాని పని వేరు. బడికి పోయే ముందు ఒడ్డున నిలబడి బండను చూస్తాం. బండ తల కనబడితే దాటొచ్చు. నీళ్లు బండ మీదుగా పోతుంటే దాటకూడదు. బడి లేదు, సంత లేదు, పురుడొచ్చినా జ్వరమొచ్చినా ఆగాల్సిందే. అలా ఆగి మా చిన్నమ్మను పోగొట్టుకున్నాం. అందుకే ఆ నెలల్లో ఊళ్లో ఎవరికి ఫోను చేసినా మొదటి మాట అదే.

ఆ వారం ఊరి కబుర్లేవో మాట్లాడుతూ అమ్మతో అలవాటుగా "ఏటి బండ కనబడుతోందా?" అన్నాను. చలికాలమది, అమ్మ నవ్వింది. పక్కన కోయ చెల్లెలు ఉంది. ఫోను పెట్టేశాక, "మా దగ్గరా అట్లనే చూస్తారు అన్నా, మాకు చెట్టు మొదలు గుర్తు" అంది. ఏరు అనే మాట దగ్గర మాట కలిసింది. మా గోండిలో నీళ్లను ఏర్ అంటాం. కోయలోనూ నీళ్లంటే అదే మాట. తెలుగులో ఏరు అంటే వాగు. గిటారు వాడు వింటూ వింటూ "ఏటిబండ" అని రెండుసార్లు అన్నాడు. తర్వాత "ఒరే, బండ అంటే రాక్ కదా!" అన్నాడు. ఆ తమాషా మాకు తట్టలేదు, వాడికి తట్టింది.

వెంటనే ఒప్పేసుకోలేదు. నాలుగు దెబ్బలు తిన్నాం కాబట్టి ఈసారి పరీక్ష పెట్టాం.

మొదట నోటితో. హాస్టల్ మెట్ల కింద నుంచి పైకి అరిచి చూశాం. ఏ దీర్ఘం, టి హ్రస్వం, బం మళ్లీ బరువు, డ తేలిక. దీర్ఘానికి రెండు, హ్రస్వానికి ఒకటి లెక్కిస్తే మూడు, మూడు, మొత్తం ఆరు. మా పాటలు నడిచే లెక్క కూడా అదే. బావ డప్పు తీసుకుని "ఏటిబండ, ఏటిబండ" అని జనం అరుస్తున్నట్టుగా కొట్టాడు. పేరే పాటకు ఎత్తుగడలాగా ఉంది. మొదట్లో ఏ ఉంది కాబట్టి సాగదీసి పిలవొచ్చు. మధ్యలో బం దగ్గర దెబ్బ పడుతుంది. "ట్రైబల్ థండర్" అని అరిచి చూడండి, నోట్లోనే చిక్కుకుంటుంది.

తర్వాత పరాయి చెవులకు. గిటారు వాడు ఇంట్లో వాళ్లమ్మకు చెప్పాడు. "గ్యాస్ బండనా?" అందామె. అవును, సిలిండరును బండ అంటాం కదా. మొద్దు మనిషిని కూడా బండ అంటాం. దీని మీద ఒక పూట ఆలోచించాం. మోరీకి, దీనికి ఒక తేడా కనబడింది. బండ ఒక్కటే ఉంటే సిలిండరు వైపు పోతుంది గానీ, ముందు ఏటి అని ఉంటే మనసులోకి నీళ్లే వస్తాయి. మోరికి ముందు కాపాడే మాట లేదు. నవ్వు కూడా వేరు. మురుగుకాలువ విని నవ్వేవాడు ముక్కు మూసుకుంటాడు, సిలిండరు విని నవ్వేవాడు దగ్గరికొస్తాడు. ఉంచుకున్నాం.

మూడోది ఇంగ్లీషు అక్షరాలు. ఇక్కడ చాలామంది జాగ్రత్త పడరు. తెలుగులో ఎంత బాగున్నా, జనం వెతికేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి. బావ పలికినట్టే Yeti Banda అని రాశాడు. యతి అంటే హిమాలయాల మంచుమనిషి, హిందీలో బందా అంటే మనిషి. హాస్టల్లో ఉత్తరాది కుర్రాళ్లు చూసి "మంచుమనిషి వచ్చాడు" అని బావను పిలవడం మొదలుపెట్టారు. ముందున్న Y తీసేశాం, రెండు మాటలు కలిపేశాం. Etibanda. కొట్టి చూస్తే ఆ పేరుతో ఇంకో బ్యాండు కనబడలేదు. అన్ని చోట్లా ఒకే స్పెల్లింగు వాడాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాం. చోటుకో రకంగా రాస్తే వెతికేవాడికి సగం పాటలే దొరుకుతాయి.

ఇక పోస్టరు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మా డబ్బులు ఎక్కువ పోయింది ఇక్కడే.

మేం అంటించేవి ఎ3 కాగితాలు, అంటే 42 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 30 వెడల్పు. కాలేజీ వరండాలో మనిషి నడుస్తూ చూస్తాడు, ఆగి చదవడు. బోర్డులు రాసేవాళ్లు ఒక లెక్క చెబుతారు. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి. ముప్పై అడుగుల వరండాకు మూడంగుళాలు. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాల లెక్క. తెలుగులో చిక్కేమిటంటే మన అక్షరం పైకీ పెరుగుతుంది, కిందికీ పెరుగుతుంది. పైన గుడి, ఏత్వం. కింద ఒత్తు. గుస్సాడి అని రాసి చూడండి. స కింద ఇంకో స వేలాడుతుంది. ఒత్తుకు చోటివ్వాలంటే అసలు అక్షరాన్ని చిన్నది చేయాలి, లేకపోతే కింది వరస తేదీని తోసేస్తుంది. ఏటిబండలో ఒత్తు లేదు. టి మీద గుడి, బ పక్కన సున్న, అంతే. అన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. అందుకే కాగితం వెడల్పంతా పేరుకే ఇచ్చాం. ఇది ముందే తెలిసి ఆ పేరు పెట్టలేదు, అదృష్టం. మీరు ముందే చూసుకోవచ్చు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, లావు అక్షరం మీద మోజుపడ్డాం. రాళ్లలాగా ఉండాలని రామభద్ర ఫాంటు తీసుకున్నాం. ఉచితంగా దొరుకుతుంది, చాలా లావుగా ఉంటుంది. కంప్యూటరు తెర మీద అద్భుతం. రంగుల ప్రింటుకు డబ్బుల్లేక జిరాక్సు తీయించాం. ఎ కి, ఏ కి తేడా ఒక చిన్న గీతే కదా. జిరాక్సు సిరాలో ఆ చిన్న సందు మూసుకుపోయింది. నలభై కాగితాలు అంటించాక మా లెక్చరర్ ఒకాయన "ఎటిబండ అంటే ఏమిటి బాబూ?" అని అడిగారు. నలభయ్యీ పీకాం. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. పేరును ముందు అగ్గిపెట్టె అంత సైజులో నలుపు తెలుపులో ప్రింటు తీసి, దాన్ని మళ్లీ జిరాక్సు తీస్తాం. ఆ నకలు మీద అక్షరాల లోపలి సందులు కనబడితే ఆ ఫాంటు పనికొస్తుంది. అలా చూస్తే మండలి ఫాంటు నిలబడింది. బక్కగా ఉంటుంది గానీ, పెద్దగా వేసి అక్షరాల మధ్య కొంచెం ఎడం ఇస్తే సరిపోయింది. చిన్న సైజు పరీక్ష ఇంకో చోట కూడా పనికొచ్చింది. ఫోనులో పాట పక్కన వచ్చే గుండ్రటి బొమ్మ అంతకన్నా పెద్దగా ఉండదు.

ఫ్లెక్సీ దగ్గర ఇంకో కథ. షాపుకు పేరును వాట్సాప్‌లో పంపాం. వాళ్ల కంప్యూటరులో పాత పద్ధతి తెలుగు ఫాంట్లు. మనం ఫోనులో కొట్టే యూనికోడ్ తెలుగు అందులో సరిగ్గా దిగదు. టి మీది గుడి ఊడిపోయి పక్కన పడింది. ప్రింటయ్యాకే చూశాం. ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద మా పేరు విరిగి ఉంది. అప్పటినుంచి అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ పంపుతాం, అక్షరాలుగా పంపం. గీతలైతే ఏ కంప్యూటరులోనైనా అలాగే ఉంటాయి.

బావకు ఇంకో కోరిక ఉండేది. మన గుంజాల గోండి లిపిలో కూడా రాయాలని. గుంజాల ఆదిలాబాదు జిల్లాలోని ఊరే, అక్కడ దొరికిన రాతప్రతుల వల్ల ఆ లిపికి ఆ పేరు. 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. నోటో ఫాంట్లలో ఉంది కూడా. బావ దించుకుని రాశాడు. కొన్ని ఫోన్లలో గడులు గడులుగా కనబడింది, ఒకదాంట్లో గుణింతం గుర్తు చుక్కల సున్నా మీద వేలాడుతూ వచ్చింది. అలా చుక్కల సున్నా కనబడిందంటే ఆ సాఫ్ట్‌వేరుకు లిపి కలపడం రాలేదని అర్థం. మాలో ఎవరికీ ఆ లిపి బాగా చదవడం రాదు. తప్పుందో లేదో మాకే తెలియకుండా పోస్టరు మీద ఎక్కిస్తే, అది అలంకారం అవుతుంది గానీ రాత కాదు. బావ ఊరికి పోయినప్పుడు లిపి తెలిసిన ఒక మాస్టారికి కాగితం మీద చూపించి, ఆయన దిద్ది చేత్తో రాసిచ్చింది ఫొటో తీసుకొచ్చాడు. ఇప్పుడు పోస్టరు కింద మూలన ఉండేది ఆ చేతిరాతే. పెద్దది కాదు. చదవగలిగినవాళ్లు దగ్గరికొచ్చి చదువుతారు.

పేరు కింద ఏం రాయాలనేది చివరి తగువు. పేరులో సంగీతం ఏ రకమో లేదు కాబట్టి ఒక వరస కావాలి. నిర్వాహకులు "ట్రైబల్ ఫ్యూజన్" అని వేస్తామన్నారు. మాలో ఒకడు పాతబస్తీ వాడు, వాడిని ఏమనాలి? పైగా ఆ మాట వల్ల ఏం వింటారో ఎవరికీ తెలియదు, ఎవరు వస్తున్నారో మాత్రమే తెలుస్తుంది. మా వరస మేమే రాసిచ్చాం. "డప్పు, గిటారు, పిల్లనగ్రోవి. గోండి, కోయ, తెలుగు పాటలు." అది చదివినవాడికి నెమలి ఈకలూ గుర్తురావు, ఉరుమూ గుర్తురాదు.

పోటీలో మాకు బహుమతి రాలేదు. దిగి వస్తుంటే వెనక వరసలో ఎవరో ఒకమ్మాయి ఆరు దెబ్బలకు చప్పట్లు కొడుతూ మా పేరు అంటోంది. ఎవరో మాకు తెలియదు. పెదనాయనకు ఆ వీడియో పంపాను. ఆయన పాట గురించి ఏమీ అనలేదు. "బండ మంచిగనే పెట్టిన్రు. బొమ్మల నీళ్లు ఎంత దాక ఉన్నయో సూపియ్యలే" అన్నాడు.

ఆయన చెప్పాకే పోస్టరు మీద బ అక్షరం నడుం దగ్గర అడ్డంగా ఒక సన్నటి గీత గీశాం, నీటి మట్టం లాగా. ఇప్పుడు బయట గేటు దగ్గర అంటించిన దాంట్లో ఉంది, పోయేటప్పుడు చూడండి. అక్షరం తల నీళ్ల పైనే ఉంటుంది. వానాకాలం కచేరీలకు ఆ గీతను కొంచెం పైకి జరుపుతాం.

బావ వెనకాల డప్పు కాస్తున్నాడు. చర్మం వేడెక్కి బిగిస్తే గానీ మొదలుపెట్టడు, అందుకే ఇంతసేపు మాట్లాడాను. ఐపోయిందని చేయి ఊపుతున్నాడు. నేను పాటకు పోతాను. రాం రాం.